కిలో ఆవకాయ అసలు ఎంతకి పడుతోంది? కాస్ట్ షీట్‌ని మెట్టు మెట్టుగా విప్పి చూద్దాం

మా అమ్మ స్నేహితురాలు ఒకావిడ తెనాలి దగ్గర రేకుల షెడ్డు అద్దెకి తీసుకుని ఆవకాయ పెట్టి అమ్ముతుంది. నేను పిన్నీ అనే పిలుస్తాను. మొన్న ఒక సూపర్ మార్కెట్ వాళ్లు వచ్చి "మా షాపుల్లో పెడతాం, మీ రేటు చెప్పండి" అన్నారట. రేటు చెప్పడానికి కూర్చుంటే ఆవిడకి వేరే అనుమానం పట్టుకుంది. నాకు ఫోన్ చేసి, "కిలోకి సరుకు నూట అయిదు పడుతోంది నాన్నా, రెండు వందల యాభైకి అమ్ముతున్నా. నూట నలభై అయిదు మిగలాలి కదా? పోయిన నెల పద్దెనిమిది వందల కిలోలు అమ్మాను. బ్యాంకులో చూస్తే పద్దెనిమిది వేలు ఉన్నాయి. మిగతా డబ్బు ఎవరు తిన్నట్టు?" అంది.

ఎవరూ తినలేదు. చిన్న యూనిట్లకి లెక్కలు రాయడం నా పని కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్త కాదు, ఇంచుమించు ప్రతి సీజన్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. జవాబు కాస్ట్ షీట్‌లో, అంటే ఖర్చులని మెట్టు మెట్టుగా కూడి చూపించే పట్టికలో ఉంటుంది. బీకాం చదివినవాళ్లందరూ దీన్ని పరీక్ష కోసం ఒకసారి బట్టీ పట్టి ఉంటారు: ప్రైమ్ కాస్ట్, దానికి ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్ కలిపితే వర్క్స్ కాస్ట్, దానికి ఆఫీస్ ఓవర్‌హెడ్ కలిపితే కాస్ట్ ఆఫ్ ప్రొడక్షన్, దానికి అమ్మకం ఖర్చులు కలిపితే కాస్ట్ ఆఫ్ సేల్స్, పైన లాభం వేసుకుంటే అమ్మకం ధర. వరస అందరికీ గుర్తుంటుంది. ఇన్ని మెట్లు ఎందుకు, అన్ని ఖర్చులూ ఒకేసారి కూడి కిలోలతో భాగించేస్తే పోదా అన్నది మాత్రం చాలామందికి తెలీదు. ఆవిడ నోటు పుస్తకంలోని పోయిన నెల లెక్కనే తీసుకుని (అంకెలు కాస్త గుండ్రంగా మార్చాను) అదేంటో చూద్దాం.

## "ఆటో – 23,000": ఒకే పద్దు, రెండు చోట్లకి పోవాలి

నోటు పుస్తకం నూనె మరకలతో నిండిపోయి ఉంది. అందులో ఒక లైను: "ఆటో – 23,000". ఏ ఆటో పిన్నీ అంటే, మార్కెట్ నుంచి మామిడికాయలు తెచ్చిన ఆటో, కారం, ఆవపిండి తెచ్చిన ఆటో, తయారైన సీసాలు పార్సిల్ ఆఫీసుకి, షాపులకి తీసుకెళ్లిన ఆటో, అన్నీ కలిపి. డ్రైవరు ఒక్కడే, వారానికోసారి మొత్తం ఇచ్చేస్తుంది కాబట్టి ఆవిడకి అది ఒకటే ఖర్చు.

కాస్ట్ షీట్‌కి మాత్రం అది రెండు ఖర్చులు. కాయ షెడ్డుకి చేరేదాకా అయిన 8,000 కాయ ఖరీదులో భాగం, ఎందుకంటే మార్కెట్‌లో ఉన్న కాయతో పచ్చడి పెట్టలేం. సీసా షెడ్డు దాటాక అయిన 15,000 అమ్మకం ఖర్చు, పచ్చడి తయారవడానికి దానితో సంబంధం లేదు. మొదటిది తయారుచేసిన ప్రతి కిలో మీదా పడుతుంది. రెండోది అమ్మిన కిలోల మీదే పడుతుంది. పిన్ని ఆ నెల తయారుచేసింది 2,000 కిలోలు, అమ్మింది 1,800. మిగతా 200 కిలోలు ఇంకా షెడ్డులోనే ఉన్నాయి, వాటి కోసం ఏ ఆటో బయటికి కదల్లేదు.

మెట్లు ఉన్నది ఇందుకే. ఖర్చు ఎంత అన్న దాంతో పాటు, అది ఏ దశలో పుట్టింది, ఏ కిలోలతో భాగించాలి అన్నది తేల్చడానికే ఈ విభజన అంతా.

## ప్రైమ్ కాస్ట్: సీసాలోకి పోయినది, చేతులతో చేసినది

ఫలానా బ్యాచ్‌కి ఇంత అయింది అని వేలు పెట్టి చూపించగలిగే ఖర్చులన్నీ కలిపితే ప్రైమ్ కాస్ట్. వాటిని ప్రత్యక్ష ఖర్చులు అంటారు. అందులో మూడు రకాలు ఉంటాయి: ముడి సరుకు, కూలి, ఆ బ్యాచ్ కోసమే పెట్టిన వేరే ఖర్చు.

ముడి సరుకుతో మొదలుపెడదాం. కాయలు 1,375 కిలోలు కొంది, కిలో 32 చొప్పున 44,000. తొడిమ, జీడి తీసేసి, దెబ్బ తిన్నవి పక్కన పడేశాక టెంకతో ఉన్న ముక్క 1,100 కిలోలే వచ్చింది. అంటే కిలో ముక్క ఖరీదు 32 కాదు, 40. పారేసిన 275 కిలోల డబ్బు కూడా మంచి ముక్క మీదే పడుతుంది, ఎందుకంటే జీడి లేని కాయ దొరకదు, ఆ తరుగు ఈ పనిలో మామూలే. అదే ఒక రాత్రి వాన నీళ్లు షెడ్డులోకి వచ్చి రెండు వందల కిలోలు కుళ్లిపోయాయనుకోండి, ఆ నష్టాన్ని కాస్ట్ షీట్‌లోకి తేరు, నేరుగా లాభనష్టాల ఖాతాకి పంపేస్తారు. మామూలు తరుగు ఖరీదులో కలుస్తుంది, అనుకోని నష్టం కలవదు. లేకపోతే వాన పడిన నెల పచ్చడి ఖరీదైనదైపోతుంది, పడని నెల చవకైపోతుంది. పచ్చడేమో అదే పచ్చడి.

కారం 200 కిలోలు 52,000, ఆవపిండి 200 కిలోలు 24,000, ఉప్పు 200 కిలోలు 3,000, మెంతులు, వెల్లుల్లి కలిపి 20 కిలోలు 3,000. నువ్వుల నూనె 300 కిలోలు కొంది, 90,000. ఇక్కడ ఇంకో చిన్న మెలిక ఉంది. వాడింది 280 కిలోలే, 6,000 రూపాయల నూనె ఇంకా డబ్బాలో ఉంది. కాస్ట్ షీట్‌కి కొన్నది అక్కర్లేదు, వాడినది కావాలి. కాబట్టి మొత్తం కొనుగోలు 2,16,000లో నుంచి మిగిలిన నూనె 6,000 తీసేస్తే 2,10,000. రెండు వేల కిలోలకి పంచితే పిన్ని చెప్పిన నూట అయిదు ఇదే. ఆవిడ అంకె తప్పు కాదు, ఆవిడ మొదటి మెట్టు మీదే ఆగిపోయింది, అంతే.

దీనికి లోపలికి వచ్చిన ఆటో 8,000 కలపాలి. ఇక సీసాలు. మూతతో, లేబుల్‌తో కలిపి ఒక్కోటి 12 రూపాయలు, అర కిలో సీసాలు 4,000, మొత్తం 48,000. ఈ సీసా ఎక్కడికి పోవాలి అన్నదాని మీద చాలామంది తడబడతారు. ప్యాకింగ్ అనగానే అమ్మకం ఖర్చు అని కిందకి తోసేస్తారు. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కాస్ట్ అకౌంటెంట్స్ ఆఫ్ ఇండియా వాళ్ల తొమ్మిదో ప్రమాణం, అంటే సీఏఎస్-9, ప్యాకింగ్‌ని రెండుగా విడదీస్తుంది. సరుకుని పట్టి ఉంచి, అమ్మగలిగే స్థితికి తెచ్చేది ప్రాథమిక ప్యాకింగ్, దాని ఖర్చు తయారీ ఖర్చులోకి వస్తుంది. సీసాలని రవాణా కోసం సర్దే అట్టపెట్టె రెండో రకం, అది పంపిణీ ఖర్చు. పిన్ని అమ్మకుండా ఉంచిన 200 కిలోలు కూడా సీసాల్లోనే ఉన్నాయి, అట్టపెట్టెల్లో లేవు. ఆ తేడా చూస్తే నియమం తనంతట తనే అర్థమవుతుంది.

కూలి: కాయ కొట్టినవాళ్లకి కిలోకి 8 చొప్పున 11,000. కాయలు తుడిచి, కలిపి, మూడో రోజు తిరగ కలిపి, సీసాలకి ఎత్తిన ఆడవాళ్లకి 50 పనిదినాలకి 500 చొప్పున 25,000. మొత్తం 36,000. బ్యాచ్ శాంపిల్‌ని ల్యాబ్‌కి పంపినందుకు 4,000, ఇది ప్రత్యక్ష వ్యయం.

అన్నీ కూడితే 3,06,000. కిలోకి 153. నూట అయిదు అనుకున్న పచ్చడి, ఇంకా షెడ్డు అద్దె కట్టకముందే నూట యాభై మూడుకి చేరింది.

## ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్: షెడ్డు లోపలి ఖర్చే, కానీ ఏ సీసాదో చెప్పలేం

అద్దె 20,000, కరెంటు, నీళ్లు 6,000, సూపర్‌వైజర్ జీతం 18,000, కలిపే మెషీను, డ్రమ్ముల అరుగుదల 5,000, గ్లౌజులు, టోపీలు, శుభ్రం చేసే సామాను 4,000, ఫుడ్ లైసెన్సు, షెడ్డు ఇన్సూరెన్సులో ఆ నెల వాటా 2,000. మొత్తం 55,000. ఖాళీ నూనె డబ్బాలు, గోతాలు అమ్మితే 1,000 వచ్చింది, అది తీసేస్తే 54,000. తుక్కు అమ్మిన డబ్బుని ఆదాయం అనుకోకుండా ఖర్చులోంచి తగ్గించడం ఇక్కడి పద్ధతి.

కూలివాళ్ల జీతం ప్రైమ్ కాస్ట్‌లో, సూపర్‌వైజర్ జీతం ఓవర్‌హెడ్‌లో ఎందుకు? ఇద్దరూ షెడ్డులోనే ఉంటారు కదా. కూలి ఎన్ని కిలోలు పెడితే అంత పెరుగుతుంది. సూపర్‌వైజర్ జీతం అలా కాదు, వెయ్యి కిలోలు పెట్టినా రెండు వేలు పెట్టినా అదే 18,000. పైగా ఆ సూపర్‌వైజర్ ఆ రోజు ఆవకాయ దగ్గర ఎంతసేపు ఉంది, పక్కన మాగాయ ఎండుతుంటే దాని దగ్గర ఎంతసేపు ఉంది అని ఎవరూ గడియారం పట్టుకుని చూడరు. ఒకే నెలలో రెండు రకాల పచ్చళ్లు పెడితే ఈ 54,000ని కిలోల లెక్కన పంచాలా, కూలి రోజుల లెక్కన పంచాలా అన్నది మళ్లీ వేరే పంచాయితీ. పోయిన నెల ఆవకాయ ఒక్కటే కాబట్టి మనం బతికిపోయాం.

ప్రైమ్ కాస్ట్‌కి ఇది కలిపితే వర్క్స్ కాస్ట్, దీన్నే ఫ్యాక్టరీ కాస్ట్ అని కూడా అంటారు: 3,60,000. కిలోకి 180. నెలాఖరుకి డ్రమ్ముల్లో ఊరుతూ సగంలో ఉన్న పచ్చడి ఉంటే దాని విలువ ఈ మెట్టు దగ్గరే సర్దాలి, మొదట్లో ఉన్నది కలిపి, చివర్లో మిగిలినది తీసేసి. పిన్ని దగ్గర ఆ నెల అలాంటిదేమీ లేదు.

## ఆఫీస్ ఓవర్‌హెడ్: పుస్తకాల పద్ధతికీ ప్రమాణాల పద్ధతికీ తేడా వచ్చేది ఇక్కడే

షెడ్డు పక్కన ఒక గది ఉంది, అద్దె 5,000. వారానికి రెండు రోజులు వచ్చే అకౌంటెంట్ అబ్బాయికి 8,000, ఫోను, ఇంటర్నెట్‌కి 3,000, ఆడిటర్ ఫీజులో నెల వాటా 4,000. మొత్తం 20,000. ఇది కలిపితే కాస్ట్ ఆఫ్ ప్రొడక్షన్ 3,80,000, కిలోకి 190.

డిగ్రీ పుస్తకాల్లో ఎక్కువగా కనిపించే పద్ధతి ఇదే: ఆఫీసు ఖర్చు మొత్తాన్నీ తయారీ మీద వేసేయడం. దీని ప్రకారం మిగిలిపోయిన 200 కిలోల విలువ 190 చొప్పున 38,000.

దీనికి అభ్యంతరం ఉంది, అది సబబైనదే. ఆడిటర్ ఫీజు కట్టినందుకు షెడ్డులోని సీసాకి ఏం ఒరిగింది? సరుకుని ఇప్పుడున్న చోటికి, ఇప్పుడున్న స్థితికి తేవడంలో పాలు లేని ఆఫీసు ఖర్చులని స్టాక్ విలువలో కలపకూడదని అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్-2 చెబుతుంది. కాస్ట్ అకౌంటెంట్లు కూడా ఇప్పుడు తయారీకి సంబంధించిన ఆఫీసు ఖర్చుని కాస్ట్ ఆఫ్ ప్రొడక్షన్‌లో, మిగతాదాన్ని ఆ తర్వాత అమ్మకం ఖర్చుల పక్కన చూపిస్తున్నారు. పిన్ని ఆఫీసు ఖర్చంతా రెండో రకమే అనుకుంటే స్టాక్ విలువ 180 చొప్పున 36,000 అవుతుంది, ఆ నెల లాభం 2,000 తగ్గుతుంది. తర్వాతి నెలలో ఆ సీసాలు అమ్ముడైనప్పుడు ఆ రెండు వేలు తిరిగి వస్తాయి. అంటే రెండు పద్ధతులకీ మధ్య ఉన్నది ఏ నెలలో అన్న తేడానే.

చిన్న యూనిట్‌కి ఏ పద్ధతైనా పెద్దగా నష్టం లేదు, ప్రతి నెలా అదే పద్ధతి పాటిస్తే చాలు. స్టాక్ వందల టన్నుల్లో ఉండే కంపెనీలో మాత్రం ఇదే తేడా లక్షల్లో పలుకుతుంది. ఇక్కడ నేను పుస్తకం పద్ధతిలోనే వెళ్తున్నాను, ఎక్కువమందికి అలవాటైనది కాబట్టి.

## అమ్మకం ఖర్చు: ఇక్కడ భాగించే అంకె మారుతుంది

3,80,000లో నుంచి అమ్ముడవని 200 కిలోల 38,000 తీసేస్తే 3,42,000. అమ్మిన 1,800 కిలోలకి అయిన తయారీ ఖర్చు ఇది. దీని మీద అట్టపెట్టెలు 6,000, బయటికి వెళ్లిన ఆటో, పార్సిల్ 15,000, షాపుల చుట్టూ తిరిగే కుర్రాడి జీతం, కమీషను 18,000, ఫేస్‌బుక్ ప్రకటనలు, కరపత్రాలు 6,000. మొత్తం 45,000.

దీన్ని 1,800తో భాగిస్తే కిలోకి 25. ఇక్కడ అలవాటుగా 2,000తో భాగిస్తే 22 రూపాయల 50 పైసలు వస్తుంది. రెండున్నర రూపాయలేగా అనిపిస్తుంది, కానీ 1,800 కిలోల మీద 4,500 రూపాయల ఖర్చు లెక్కలోంచి జారిపోతుంది. సగం సరుకే అమ్ముడైన నెలలో ఈ తప్పు ఇంకా పెద్దదవుతుంది.

| వివరం | మొత్తం (రూ.) | కిలోకి (రూ.) |
|---|---|---|
| ముడి సరుకు, లోపలి రవాణా, సీసాలు | 2,66,000 | 133 |
| ప్రత్యక్ష కూలి | 36,000 | 18 |
| ల్యాబ్ ఫీజు | 4,000 | 2 |
| ప్రైమ్ కాస్ట్ | 3,06,000 | 153 |
| ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్ (తుక్కు తీసేశాక) | 54,000 | 27 |
| వర్క్స్ కాస్ట్ | 3,60,000 | 180 |
| ఆఫీస్ ఓవర్‌హెడ్ | 20,000 | 10 |
| కాస్ట్ ఆఫ్ ప్రొడక్షన్ (2,000 కిలోలు) | 3,80,000 | 190 |
| తీసివేత: మిగిలిన 200 కిలోలు | 38,000 | 190 |
| అమ్మిన 1,800 కిలోల తయారీ ఖర్చు | 3,42,000 | 190 |
| అమ్మకం, పంపిణీ ఖర్చు | 45,000 | 25 |
| కాస్ట్ ఆఫ్ సేల్స్ | 3,87,000 | 215 |

రెండు వందల యాభైకి అమ్మితే కిలోకి మిగిలేది 35, నెలకి 63,000. మరి బ్యాంకులో పద్దెనిమిది వేలే ఉన్నాయేం? 38,000 విలువ చేసే పచ్చడి, 6,000 విలువ చేసే నూనె షెడ్డులో కూర్చుని ఉన్నాయి, కాబట్టి 44,000 లాభం డబ్బు రూపంలో లేదు. అరుగుదల 5,000 మనం ఖర్చుగా రాశాం కానీ ఎవరికీ ఇవ్వలేదు, అది చేతిలోనే ఉంది. బ్యాంకు లోను వడ్డీ 6,000 కట్టింది, అది ఈ షీట్‌లో లేదు. 63,000లో నుంచి 44,000 తీసి, 5,000 కలిపి, 6,000 తీస్తే సరిగ్గా 18,000. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించేదాకా పిన్నికి అకౌంటెంట్ అబ్బాయి మీదే అనుమానం, పాపం.

## వడ్డీ, యజమాని జీతం, జీఎస్టీ ఎందుకు కనబడలేదు?

వడ్డీని కాస్ట్ షీట్ బయట ఉంచడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. ఒకే పచ్చడి, ఒకే రెసిపీ, ఒకామె అప్పు తెచ్చి పెట్టింది, ఇంకొకామె సొంత డబ్బుతో పెట్టింది. పచ్చడి తయారవడానికి అయిన ఖర్చు ఇద్దరికీ ఒకటే కదా, అప్పు అన్నది డబ్బు ఎక్కడినుంచి వచ్చిందన్న విషయం. సీఏఎస్-17 కూడా వడ్డీని తయారీ ఖర్చులో కలపకుండా విడిగా చూపించమంటుంది. ఈ వాదన ఖర్చుని పోల్చడానికి బాగుంటుంది. ధర పెట్టేటప్పుడు మాత్రం వడ్డీని మర్చిపోతే కుదరదు, పిన్నికి అది కిలోకి మూడు రూపాయల పైనే పడుతోంది. షీట్‌లో లేనంతమాత్రాన అది లాభంలోంచి పోకుండా ఆగదు.

యజమాని జీతం ఇంకా చిక్కు. పిన్ని పొద్దున్న ఆరు నుంచి షెడ్డులోనే ఉంటుంది, తనకి జీతం రాసుకోదు. తీసుకోని జీతాన్ని ఖర్చుగా రాయడం ఊహాజనితం అని కొందరంటారు, అది ఆవిడ లాభంలోనే ఉందిగా అని. రేపు ఆవిడకి ఒంట్లో బాగోక మనిషిని పెడితే ఆ జీతం ఎక్కడినుంచి ఇస్తుంది, ధరలో చోటు ఉండాలిగా అని ఇంకొందరంటారు. నాకు రెండోదే నచ్చుతుంది, కనీసం ధర నిర్ణయించే కాగితంలోనైనా.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి, కొన్నవాటి మీద కట్టిన పన్నుని తిరిగి సర్దుకోగలిగితే అది ఖర్చు కాదు. పిన్నికి ఇప్పటిదాకా రిజిస్ట్రేషన్ లేదు, కాబట్టి సీసాల మీద కట్టిన పన్ను కూడా ఆ 12 రూపాయల్లో కలిసే ఉంది. రిజిస్టర్ అయితే ఆ ముక్క తగ్గుతుంది.

## "ఇరవై శాతం లాభం" అంటే దేని మీద ఇరవై?

215 ఖర్చు మీద 20 శాతం అంటే 43, ధర 258. అమ్మకం ధరలో 20 శాతం లాభం ఉండాలంటే లెక్క వేరు: ధర 100 అనుకుంటే లాభం 20, ఖర్చు 80. అంటే ఖర్చులో నాలుగో వంతు లాభం. 215కి నాలుగో వంతు 53 రూపాయల 75 పైసలు, ధర 268 రూపాయల 75 పైసలు. అదే "ఇరవై శాతం", కిలోకి 10 రూపాయల 75 పైసలు తేడా, 1,800 కిలోలకి 19,350. తయారీదారులు సాధారణంగా ఖర్చు మీద లెక్కపెడతారు, షాపులవాళ్లు అమ్మకం ధర మీద మాట్లాడతారు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒకే శాతం పలికి, చెరో అంకె మనసులో పెట్టుకుని లేచి వెళ్లిపోవడం నేను చూశాను.

సూపర్ మార్కెట్ బేరంలో లెక్క పైనుంచి కిందకి వస్తుంది. వాళ్లు అర కిలో సీసాకి ఎమ్మార్పీ 180 ఉండాలన్నారు, తమ మార్జిన్ 25 శాతం అన్నారు. ఆ ధరలోనే కలిసి ఉన్న 5 శాతం పన్ను తీస్తే, అంటే 180ని 1.05తో భాగిస్తే, 171 రూపాయల 43 పైసలు. అందులో షాపు పాతిక శాతం పోతే 128 రూపాయల 57 పైసలు. కిలోకి 257 రూపాయల 14 పైసలు. 215 తీస్తే 42 పైచిలుకు, అమ్మకం ధర మీద చూస్తే 16 శాతం దాటి. ఇప్పుడు అమ్ముతున్న 250 కంటే మేలే. కాకపోతే వాళ్లు డబ్బు ఇచ్చేది 60 రోజులకి, ఆ రెండు నెలల వడ్డీ ఎవరిదో తెలిసిందేగా.

ఒకవేళ వాళ్లు 200 కే ఇమ్మంటే? షీట్ ప్రకారం కిలోకి 15 నష్టం. మార్జినల్ కాస్టింగ్ పద్ధతివాళ్లు దీన్ని ఇంకోలా చూస్తారు: అద్దె, సూపర్‌వైజర్, అకౌంటెంట్ ఎలాగూ ఉన్నవే, కొత్త కిలోకి అదనంగా అయ్యేది ప్రైమ్ కాస్ట్ 153, పెట్టె, రవాణా దాదాపు 12, అంటే 165. కాబట్టి 200 కి ఇచ్చినా కిలోకి 35 మిగులుతుంది. షెడ్డులో ఇంకా చోటు ఉండి, ఆ ఆర్డరు ఒక్కసారికే అయితే వాళ్ల మాట నిజమే. అదే ధర అలవాటై, పాత షాపులు కూడా మాకూ 200 కే ఇవ్వమంటే, అద్దె కట్టడానికి ఏ కిలో మిగలదు.

## అసలు చిక్కు అద్దెలో ఉంది

ఇంత లెక్కా వేశాక నేను ఒక ప్రశ్న అడిగాను. "పిన్నీ, షెడ్డు అద్దె ఎన్ని నెలలు కడతావు?"

పన్నెండు నెలలూ కడుతుంది. పచ్చడి పెట్టేది మాత్రం కాయ దొరికే నాలుగు నెలలే. ఏడాదికి అద్దె 2,40,000, పెట్టేది 8,000 కిలోలు. అంటే కిలోకి అద్దె 10 కాదు, 30. మన షీట్‌లో ఆ నెల అద్దె మాత్రమే వేశాం కాబట్టి ఎనిమిది ఖాళీ నెలల అద్దె ఎక్కడా కనబడలేదు. 35 అనుకున్న లాభంలో 20 అక్కడికే పోతుంది, మిగిలేది 15, వడ్డీ తీసేస్తే 12 కూడా లేదు.

దీన్ని కలపాలా వద్దా అన్నదాని మీద కూడా రెండు మాటలున్నాయి. ఏఎస్-2 ప్రకారం స్థిర ఖర్చుని మామూలుగా ఎంత తయారవుతుందో ఆ సామర్థ్యం మీద పంచాలి. యంత్రం చెడిపోయో సమ్మె వచ్చో ఖాళీగా ఉంటే ఆ నష్టాన్ని సరుకు మీద వేయకూడదు. ఖాళీ అద్దెని పచ్చడి మీద వేయొద్దు అనేవాళ్లు ఈ మాట పట్టుకుంటారు. కానీ సీజన్ పనిలో ఏటా ఎనిమిది నెలలు ఖాళీ ఉండడమే మామూలు. అది ప్రమాదం కాదు, ఆ పని స్వభావం. అందుకని నా లెక్కలో 30 వేయడమే సరైనది, లేదా ఆ ఎనిమిది నెలల్లో షెడ్డుకి వేరే పని చూపించాలి: శీతాకాలంలో ఉసిరి, నిమ్మ, ఆ తర్వాత గోంగూర, లేదంటే షెడ్డు ఎవరికైనా గోడౌన్‌గా ఇవ్వడం. అప్పుడు ఆ అద్దె వేరే సీసాల మీదకి పోతుంది, ఆవకాయ మళ్లీ 215 దగ్గరికి వస్తుంది.

సూపర్ మార్కెట్‌కి 257కి సరే అందామా అంటే ఆవిడ వెంటనే ఏమీ అనలేదు. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి, 60 రోజులు కాదు 30 రోజులకి డబ్బు ఇస్తేనే అని చెప్పానంది. కొత్త నోటు పుస్తకం కూడా కొందట. మొదటి పేజీలో ఆటోకి రెండు లైన్లు: "ఆటో – కాయ వచ్చింది", "ఆటో – సీసాలు పోయాయి".